జయమ్మ చేతికే ఇవ్వాల్సిన కాగితాలు

జయమ్మకు కోపం ఎక్కువని మాదాపూర్‌లో అందరూ అంటారు. అనేవాళ్లంతా రెండు పూటలా అన్నం తినేది మాత్రం ఆమె మెస్సులోనే. మెడలో బిళ్లలు వేసుకుని కంప్యూటర్ ఆఫీసుల నుంచి వచ్చే కుర్రాళ్లు, పక్కన ఇంకో మేడ కడుతున్న మేస్త్రీలు, సిమెంటు లారీల డ్రైవర్లు, అందరూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఆమె చేత తిట్లు తింటూ సంగటి తింటారు. అన్నం పారేస్తే తిడుతుంది. వడ్డించే పిల్లను ‘ఏయ్’ అని పిలిస్తే తిడుతుంది. ఆకలిగా ఉన్నవాడు మొహమాటపడి లేస్తే ఇంకా ఎక్కువ తిడుతుంది. దీన్ని కోపం అంటే సరే, కోపమే. ఆమెకు నిజంగా కోపం వస్తే ఎలా ఉంటుందో బ్యాంకువాళ్ల పుణ్యమా అని ఆ ఏడాది అందరికీ తెలిసింది.

ఆమెది కళ్యాణదుర్గం పక్క పల్లె. భర్త నారాయణప్ప ఖాజాగూడ వైపు కంకర మిషన్ల దగ్గర లారీ నడపడానికి వస్తే వెంట వచ్చింది. అప్పట్లో ఇక్కడ బండలు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. రేకుల కింద పొయ్యి పెట్టి రాళ్లు కొట్టేవాళ్లకు వండిపెట్టింది. ఆ బండల మీదే అద్దాల మేడ లేచి, దాన్ని చూడటానికి జనం బస్సుల్లో వచ్చే రోజులొచ్చేసరికి జయమ్మ రేకుల షెడ్డు కాస్తా మెస్సు అయింది. పొగలో కళ్లు కాల్చుకుని సంపాదించిన దాంతో హఫీజ్‌పేట్‌లో చిన్న జాగా కొని, రెండు గదులు, ఒక వంటిల్లు వేసుకుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా ‘మగాయన పేరు చెప్పండి’ అంటే, నారాయణప్ప అడ్డంగా తల ఊపాడు.

“సంపాదించింది ఆయమ్మ. నా పేరెందుకప్పా? ఆమె పేరే రాసుకో” అన్నాడు.

తక్కువ మాట్లాడే మనిషి నారాయణప్ప. పెళ్లయ్యాక ఆయన మాట్లాడిన మాటల్లో జయమ్మకు బాగా నచ్చింది అదే.

తమ్ముడు వెంకటరమణ సంగతి వేరు. వాడికి నోరే పెట్టుబడి. తల్లి పోయాక జయమ్మే పెంచింది, చదివించింది, పట్నం తెచ్చింది. కొండాపూర్‌లో కొత్త ఇళ్లు లేస్తున్నాయని కుళాయిలు, వాష్‌బేసిన్లు అమ్మే దుకాణం పెడతానన్నాడు. బ్యాంకు అప్పిస్తామంది గానీ, ఏదైనా ఆస్తి పూచీ కావాలంది. వాడికి అక్క తప్ప ఆస్తేముంది?

ఆ రోజు బ్యాంకులో జరిగింది జయమ్మకు బాగా గుర్తు. పాత మేనేజరు చాలా పద్ధతైన మనిషి. కాగితాల సంచీ వెంకటరమణ చేతిలో ఉంటే, ఆయన తీసుకోలేదు.

“అప్పు మీది బాబూ. ఇల్లు ఆవిడది. తాకట్టు పెడుతున్నది ఆవిడ. ఆవిడ చేత్తో నా చేతికివ్వాలి” అన్నాడు.

అమ్మకపు దస్తావేజు, దాని వెనకాల ఉన్న పాత దస్తావేజు, ఇంటిపన్ను రశీదులు ఒక్కొక్కటే పేరు చదివి, పట్టికలో రాసి, జయమ్మ చేతి మీదుగా తీసుకున్నాడు. సంతకం కూడా ఆమెతోనే పెట్టించాడు. అప్పు తీరిన రోజున వీటిని మళ్లీ మీ చేతికే ఇస్తామని చెప్పాడు. పెద్దమనిషి చెప్పింది చట్టమే. కానీ ఆయన బదిలీ అయిపోయాడు. చట్టం అక్కడే ఉంది గానీ దాన్ని పట్టించుకునే మనిషి లేకుండా పోయాడు.

దుకాణం బాగానే నడిచింది. వెంకటరమణ వాయిదాలు ఎగ్గొట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. ఒకరోజు మెస్సు పక్కనున్న టెలిఫోన్ బూత్‌కు ఫోన్ చేసి అక్కను పిలిపించాడు.

“అక్కా, ఈ పొద్దు లోను మొత్తం కట్టేస్తాండా. నువ్వు కూడా వచ్చి కాగితాలు తీసుకో.”

జయమ్మ గోడ మీది క్యాలెండర్ వైపు చూసి నాలుక కరుచుకుంది. “ఈ పొద్దు అమావాస్య రా! అమావాస్య పూట ఇంటి కాగితాలు ఇంట్లోకి తెస్తానా? లోను నువ్వు కట్టుకో. కాగితాలు సోమవారం నేనే వచ్చి తీసుకుంటా.”

జయమ్మకు ఇందులో వాదన లేదు. అమావాస్య నాడు ఆమె ఉప్పు ప్యాకెట్ కూడా కొనదు. కొత్త చీపురు వాడదు. సరుకులవాడి బిల్లు మీద సంతకం పెట్టమంటే, ‘రేపు రాపో’ అంటుంది. మెస్సులో తినే ఇంజనీరు పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

సోమవారం తలారా స్నానం చేసి, కొత్త బట్టసంచీ పట్టుకుని బ్యాంకుకు వెళ్లింది. కొత్త మేనేజరు ఉదయ్ భాస్కర్ కళ్లజోడు తుడుచుకుంటూ చాలా మర్యాదగా నవ్వాడు.

“జయమ్మగారూ, మీ పేపర్లు అప్పుడే ఇచ్చేశామండి. మీ తమ్ముడుగారు లోను క్లోజ్ చేసిన రోజే తీసుకెళ్లారు.”

జయమ్మ సంచీ బల్ల మీద పెట్టేసింది. “నేను రాకుండా వాడికెట్ల ఇస్తిరి?”

“లోను ఆయన పేరు మీదే కదండీ.”

“ఇల్లు నా పేరు మీద సార్!”

“అబ్బ, అక్కాతమ్ముళ్లే కదండీ. ఇంట్లో ఎవరి బీరువాలో ఉంటే ఏమిటి?” అన్నాడాయన.

అదిగో, అక్కడ మండింది జయమ్మకు. అక్కాతమ్ముళ్లట! అప్పిచ్చేటప్పుడు ఈ అక్కాతమ్ముళ్ల వరస బ్యాంకుకు ఎందుకు గుర్తు రాలేదు? అప్పుడు వాడు వేరు, ఆమె వేరు. తమ్ముడు ఎగ్గొడితే అక్క ఇల్లు వేలం వేస్తామని అచ్చేసిన కాగితం మీద పది చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు. తీసుకునేటప్పుడు పట్టికలు, సాక్షులు. ఇచ్చేటప్పుడు ‘ఇంట్లో వాళ్లే కదండీ’. ఆడదాని ఆస్తి అనేసరికి ఏ మగాడి చేతికిచ్చినా చేరినట్టే అనుకునే తెలివి వీళ్లకు ఏ కాలేజీలో నేర్పుతారో!

అటునుంచి అటే కొండాపూర్ వెళ్లింది. వెంకటరమణ దుకాణంలో లేడు. సాయంత్రం మెస్సుకు వచ్చాడు.

“కాగితాలు భద్రంగా ఉండాయి అక్కా. ఫికర్ చేయద్దు.”

“యాడ ఉండాయి?”

“మియాపూర్‌లో ఒక ఫైనాన్స్ ఆయన దగ్గర. నల్లగండ్ల పక్క ప్లాట్ల వెంచర్‌లో నేనూ ఒక వాటా ఎత్తుకున్నా. కొంచెం తక్కువపడితే… ఊరికే నమ్మకానికి పెట్టినా. నీ సంతకం లేకుండా ఆయన ఏమీ చేసుకోలేడులే. రెండు నెలల్లో తెచ్చి నీ చేతిలో పెడతా.”

జయమ్మ చేతిలో గరిటె ఉంది. కొట్టలేదు. కొడితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఒక్క మాట అడగకుండా, ఆమె అమావాస్య అన్న మాటనే సందు చేసుకుని, ఆ మధ్యాహ్నమే ఇల్లు ఎత్తుకుపోయి ముక్కూమొహం తెలియనివాడి బల్ల సొరుగులో పెట్టాడు. పెంచిన చేయి కదా, లోకువ.

“నువ్వు పోరా. నా కళ్ల ముందు నిలబడద్దు” అంది.

ఆ రాత్రి నారాయణప్ప ఒకటే అడిగాడు. “తమ్ముణ్ణి అడుగుదామా, బ్యాంకును అడుగుదామా?”

“బ్యాంకునే” అంది జయమ్మ. “నేను పెట్టింది వాడి చేతిలో కాదు.”

మర్నాడు జిరాక్స్ షాపులో టైపు చేయించింది ఉత్తరం. ఎనిమిదో తరగతి వరకూ చదివిన మనిషి. ఏం రాయాలో తానే చెప్పింది. టైపు చేసే అమ్మాయి మధ్యలో ‘దయతో’, ‘వినయపూర్వకంగా’ అని కలపబోతే, ‘దయ వాళ్లది కాదు, కాగితాలు నావి’ అని కొట్టేయించింది. ఉత్తరం చిన్నదే. ఫలానా లోను ఖాతాకు నేను పూచీదారును. ఆ ఖాతా పూర్తిగా తీరింది. అందువల్ల ఖాతా ముగిసిందని, నా పూచీ రద్దయిందని సర్టిఫికెట్ ఇవ్వగలరు. నేను స్వయంగా మీకు అప్పగించిన ఈ కింది అసలు కాగితాలు నాకు స్వయంగా తిరిగి ఇవ్వగలరు. కింద ఒక్కొక్కటే పేరు. ఆ తర్వాత చివరి వాక్యం: వాటిని నాకు కాక మరొకరికి ఇచ్చి ఉంటే, ఎవరి సంతకం మీద, నా ఏ అనుమతి పత్రం మీద ఇచ్చారో రాతపూర్వకంగా తెలుపగలరు. అడుగున, ‘నకలు: రీజినల్ మేనేజరు గారికి’.

తీసుకెళ్లి ఇస్తే ఉదయ్ భాస్కర్ చివరి వాక్యం దాకా చదివి, ఉత్తరాన్ని బల్ల మీద ఆమె వైపే జరిపాడు.

“ఇది తీసుకోలేనండి. క్లోజర్ సర్టిఫికెట్ అప్పు తీసుకున్నవాళ్లు అడగాలి. మీరు గ్యారంటార్ మాత్రమే.”

“అంటే, పోయేటప్పుడు నా ఇల్లు పోవల్ల, అడిగేటప్పుడు నేను ఎవర్నీ కానా?”

“గట్టిగా అరవకండి. ఇది బ్యాంకు.”

“బ్యాంకని తెలిసే పెట్టినా సార్. సంత అనుకునుంటే పెట్టేదాన్నా?”

కౌంటర్లలో వాళ్లందరూ తలలెత్తి చూశారు. అటెండర్ ఎల్లేశం పరుగెత్తుకొచ్చాడు. మెస్సులో రోజూ తినేవాడే.

“అమ్మా, జర బయటికి రా. గిట్ల లొల్లి పెడితె ఏమొస్తది?” అంటూ మెట్ల దాకా తీసుకొచ్చాడు. అక్కడ గొంతు తగ్గించాడు. “చేతికిస్తె తీసుకోరమ్మా. రిజిస్టర్ పోస్టుల పంపు. పోస్టుల వస్తే రాసుకోక తప్పది. రీజినల్ ఆఫీసుకు ఇంకోటి పంపు.”

జయమ్మ తిన్నగా పోస్టాఫీసుకు వెళ్లి రెండు కవర్లు రిజిస్టర్ చేసి, ముట్టినట్టు తిరుగు కార్డు వచ్చే ఏర్పాటూ చేసుకుని మరీ మెస్సుకెళ్లింది. ఆ రోజు మెస్సులో కూరలో కారం కాస్త ఎక్కువే పడిందని తిన్నవాళ్లు చెప్పుకున్నారు. ఎవరూ ఆమె ముందు అనలేదు.

వారం తిరక్కుండానే ఉదయ్ భాస్కర్ గారే మెస్సుకు వచ్చాడు. వెంట వెంకటరమణ. భోజనాల వేళ దాటింది. మేనేజరుగారి మొహంలో అంతకుముందున్న నవ్వు లేదు. రీజినల్ ఆఫీసు నుంచి ఫైలు పంపమని ఉత్తరం వచ్చిందట. ఫైల్లో అన్నీ ఉన్నాయి, కాగితాలు తిరిగి ఇచ్చిన చోట జయమ్మ సంతకం ఒక్కటే లేదు.

“చిన్న ఫార్మాలిటీ అండి” అని టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టాడు. నా కాగితాలను నా తమ్ముడు వెంకటరమణకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను, ఇట్లు జయమ్మ. తేదీ ముందే వేసి ఉంది. లోను తీరిన రోజు తేదీ.

“ఇది పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయండి. లేకపోతే నా మీద ఎంక్వైరీ వేస్తారు. మీ తమ్ముడి మీద కూడా కేసు దాకా పోవచ్చు. సొంత తమ్ముణ్ణి పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కిస్తారా చెప్పండి?”

వెంకటరమణ అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు. “అక్కా, ఒక్క సంతకం. నువ్వు పెట్టకుంటే నా బతుకు బజారు పాలైతాది. నీకు దండం పెడతా.”

జయమ్మ ఒక్క క్షణం మెత్తబడింది. పడలేదని ఎలా చెప్పడం? జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసిన పిల్లాడు వాడు. కానీ కాగితం మళ్లీ చదివింది. అది సంతకం కాదు, తన ఇల్లు వాడికిచ్చి వాడిష్టం వచ్చిన చోట పెట్టుకోమని తానే చెప్పినట్టు రాసిన మాట. రేపు ఆ మియాపూర్ వాడు ఇదే కాగితం చూపించి, నీకు తెలిసే వచ్చింది కదా అంటాడు. బ్యాంకు చేతులు దులిపేసుకుంటుంది. తమ్ముడు తప్పుకుంటాడు. నడిరోడ్డు మీద మిగిలేది నారాయణప్ప, తను. ఇంత పెద్ద మోసానికి ఇంత చిన్న పేరు పెట్టారు, ఫార్మాలిటీ అని!

“సార్, ఈ తేదీ ఏ పొద్దో తెలుసా మీకు?” అంది.

“లోను క్లోజ్ అయిన రోజండి.”

“అమావాస్య! అమావాస్య నాడు జయమ్మ పాలవాడి చీటీ మీద కూడా చేవ్రాలు పెట్టదని ఈ మాదాపూర్ అంతా తెలుసు. మీ అటెండర్‌ను అడగండి. ఈ బల్ల మీద తినే ఏ పిల్లోణ్ణయినా అడగండి. ఈ దొంగ కాగితం మీద నేను చేవ్రాలు పెట్టినా ఎవరూ నమ్మరు. పెట్టను కూడా. తప్పు మీరు చేసి, దాన్ని నా చేత్తో కడిగించుకుందామని నా మెస్సుకే వస్తిరా?”

ఉదయ్ భాస్కర్ కాగితం వెనక్కి తీసుకోబోయాడు. జయమ్మ అరచేయి దాని మీద పెట్టింది.

“ఇది ఈడే ఉండనీ. రీజినల్ ఆఫీసు వాళ్లు అడిగితే చూపిస్తా.”

ఆయన మొహం తెల్లబోయింది. అప్పటిదాకా మూల పీట మీద కూర్చున్న నారాయణప్ప లేచి వచ్చాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి బావమరిది భుజం మీద చేయి వేశాడు.

“కాగితాలు తెచ్చేయి వెంకటరమణా. నీ అక్క నోరు చేసుకుంటే నీకు నష్టం లేదు. నోరు మూసుకుంటే ఉంది” అన్నాడు.

వెంకటరమణ ఏం చేశాడో, ఎవరి గడ్డం పట్టుకున్నాడో! వెంచర్‌లో వాటా వదులుకున్నాడని, మోటార్‌సైకిల్ కూడా పోయిందని తర్వాత విన్నారు. ఒక మధ్యాహ్నం చెమటలు కక్కుతూ బస్సు దిగి మెస్సులోకి వచ్చాడు. చేతిలో పాత కవరు.

“ఇంద అక్కా. ఒక్క కాగితం కూడా తగ్గలేదు. చూసుకో. ఇంకనైనా కోపం వదులు.”

జయమ్మ చేయి చాపలేదు. కవరు వైపు చూస్తే ప్రాణం లేచొచ్చింది. లాక్కుని గుండెకు హత్తుకోవాలనిపించింది. అయినా చేతులు కొంగులో చుట్టుకుంది.

“నేను బ్యాంకులో పెట్టినా. బ్యాంకే ఇయ్యల్ల. నడువు.”

“అక్కా, అవే కాగితాలు కదా! ఈడైతే ఏమి, ఆడైతే ఏమి?”

“నీ చేతి నుంచి తీసుకుంటే, నువ్వు తీసుకుపోయింది ఒప్పయితాది. నడువు!”

బ్యాంకులో వెంకటరమణ కవరు మేనేజరు బల్ల మీద పెట్టాడు. ఉదయ్ భాస్కర్ పాత పట్టిక తెప్పించి, అకౌంటెంటును పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటే పేరు చదివాడు. అమ్మకపు దస్తావేజు. పాత దస్తావేజు. ఇంటిపన్ను రశీదులు. జయమ్మ ఒక్కో పేజీ తిప్పి, తన సంతకాలు వేలితో తడిమి చూసి తీసుకుంది. ముట్టినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టింది, ఆ రోజు తేదీ తానే వేసింది. సర్టిఫికెట్‌లో ఖాతా ముగిసిందని మాత్రమే ఉంటే, పూచీ రద్దయిందనీ, కాగితాలు సొంతదారైన జయమ్మకు ఇచ్చామనీ మళ్లీ టైపు చేయించింది. బ్యాంకు ముద్ర పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఉదయ్ భాస్కర్ గొంతు సవరించుకున్నాడు. “ఇక మీకేమీ ఫిర్యాదు లేదని ఒక ముక్క రాసిస్తే, పైవాళ్లకు పంపుతానండి.”

“కాగితాలు ముట్టినాయని రాస్తా. అది నిజం. ఫిర్యాదు లేదని రాయను. అది అబద్ధం” అంది జయమ్మ. అన్నట్టే రాసింది.

బయట ఎండ మండిపోతోంది. వెంకటరమణ నాలుగడుగులు వెనకాల వస్తున్నాడు. మోటార్‌సైకిల్ మీద తిరిగినవాడు, నడక మర్చిపోయినట్టున్నాడు. బస్టాపు దగ్గర ఆగి, చిన్నప్పటి గొంతుతో అడిగాడు.

“కోపం పోయిందా అక్కా?”

“పోలేదు” అంది జయమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటి మీదా కోపమే వచ్చింది. కొంగుతో గట్టిగా తుడుచుకుంది. “ఒక్క మాట అడిగుంటే ఇచ్చేదాన్నేమో రా! అదీ నా మంట. నువ్వు అడగలేదు, ఆ కళ్లజోడాయనా అడగలేదు. ఇద్దరూ నన్ను లెక్కలోకే తీసుకోలేదు.”

బస్సు కోసం రోడ్డు వైపు చూసి, మళ్లీ తమ్ముడి వైపు తిరిగింది.

“ఆకలైతే రా. ఏ పొద్దయినా, ఏ రాత్రయినా పెడతా. చేవ్రాలు కావాలని మాత్రం నా గడప తొక్కద్దు. ఈ జన్మలో నీకింక అది లేదు.”

హఫీజ్‌పేట్ బస్సు వచ్చింది. సంచీ చంకలో బిగించుకుని జయమ్మ ఎక్కేసింది. వెంకటరమణ ఎక్కలేదు. ఎక్కమని ఆమె పిలవలేదు.